డాలర్ 90 దాటితే టికెట్ ఎంత పెరుగుతుంది? ముందే కొనేయాలా?

2025 డిసెంబరు మొదటి వారంలో డాలర్ 90 రూపాయలు దాటిన రోజు సాయంత్రం డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, టికెట్లు పెరిగిపోతాయంటున్నారు, అమ్మానాన్నలవి ఇప్పుడే కొనేయనా?" అని. పిన్ని, బాబాయి ఏప్రిల్‌లో వెళ్లాలని అనుకుంటున్నారు. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు టికెటింగ్ కౌంటర్లో పనిచేశాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. పెట్రోలు పెరిగినా, యుద్ధం అన్నా, రూపాయి పడిపోయినా అందరూ అడిగేది ఇదే. అయితే ఇంధనం, డాలర్ టికెట్‌లోకి ఏ దారిన వస్తాయో, ఎంత వస్తాయో లెక్క వేసి చూస్తే జవాబు చాలామంది అనుకునేలా ఉండదు. అందుకే ఆ రోజు ఆమెకు చెప్పిన లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంధనం సంగతి. దోహా నుంచి డాలస్‌కి వెళ్లే బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం ఆ పదిహేను, పదహారు గంటల ప్రయాణానికి వంద టన్నులకు పైగా ఇంధనం తాగుతుంది. అందులో 350 మంది దాకా కూర్చుంటారు కాబట్టి మనిషికి సుమారు 300 కిలోలు, అంటే 375 లీటర్లు. హైదరాబాద్ నుంచి దోహా దాకా ఇంకో 90 లీటర్లు వేసుకోండి. రానూపోనూ కలిపితే ఒక్క మనిషికి 900 లీటర్ల పైమాటే. పీపాల్లో చెప్పాలంటే, పీపాకి 159 లీటర్లు కాబట్టి, ఆరు పీపాలకు కొంచెం తక్కువ.

ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే వార్తల్లో వచ్చే భయాలు చాలావరకు కొలతలోకి వస్తాయి. జెట్ ఫ్యూయల్ పీపాకి 10 డాలర్లు పెరిగితే అమెరికా రానూపోనూ టికెట్ మీద విమాన సంస్థకు పడే అదనపు ఖర్చు 60 డాలర్ల లోపు, అంటే డాలర్ 90 దగ్గర సుమారు 5,200 రూపాయలు. అదంతా మన మీద వేసినా అంతే. లక్షా ముప్పై వేల టికెట్ మీద నాలుగు శాతం.

దేశం లోపలి ప్రయాణానికి ఇదే లెక్క చిన్నదవుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎయిర్‌బస్ 320 రకం విమానంలో మనిషికి 30 లీటర్ల దాకా అవుతుంది. ఇక్కడ విమాన ఇంధనం ధరను ప్రభుత్వ రంగ చమురు సంస్థలు ప్రతి నెలా 1వ తేదీన సవరిస్తాయి. ఆ ధరలో అంతర్జాతీయ రేటూ ఉంటుంది, డాలర్ మారకం కూడా ఉంటుంది. అంటే మనం కొనేది రూపాయల్లోనే అయినా డాలర్ అందులో ముందే కలిసిపోయి ఉంటుంది. దాని మీద ఎక్సైజు, ఆపైన రాష్ట్రం వ్యాట్. ఈ ఇంధనం జీఎస్టీలోకి రాలేదు కాబట్టి వ్యాట్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. విదేశాలకు వెళ్లే విమానాల్లో నింపే ఇంధనానికి మాత్రం ఈ వ్యాట్ గొడవ లేదు, దాని ధర నేరుగా డాలర్లలోనే.

ఇంధనం ధర టికెట్ మీద పడటం కళ్లారా చూసిన సందర్భం ఒకటి ఉంది. 2023 జులైలో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు సుమారు 90,800 రూపాయలు ఉండేది. నెలనెలా పెరిగి అక్టోబరు 1 నాటికి 1,18,200 దగ్గరికి చేరింది. అంటే లీటరుకి 27 రూపాయల పెరుగుదల. అక్టోబరు 6 నుంచి ఇండిగో దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఫ్యూయల్ ఛార్జ్ పెట్టింది. 1,001 నుంచి 1,500 కిలోమీటర్ల మధ్య ప్రయాణానికి 550. హైదరాబాద్, ఢిల్లీ దూరం అందులోకే వస్తుంది. మన 30 లీటర్లను 27తో గుణిస్తే 810 రూపాయలు. అంటే పెరిగిన ఖర్చులో మూడింట రెండు వంతులు మాత్రమే పైకి కనిపించేలా వేశారు, అదీ ధర మూడు నెలలుగా పెరుగుతూ వచ్చాక. తర్వాత ఇంధనం 1,02,000 దాకా దిగాక 2024 జనవరి 4న ఆ ఛార్జ్ తీసేశారు. ఆ సమయంలోనే ముందు వరుస సీట్ల రేట్లు పెంచారు, కొన్నిటికి 2,000 దాకా. నేను దీన్ని తప్పుపట్టడం లేదు. ఒక దారిన తగ్గింది ఇంకో దారిన రావచ్చని, అందుకే చివరికి కట్టే మొత్తాన్నే చూడాలని చెప్తున్నాను.

ఈ దారుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, అసలు గందరగోళం ఇక్కడే ఉంది.

మీ ఈ-టికెట్‌లో ధర విడదీసిన చోట చూస్తే మొదట బేస్ ఫేర్, కింద పన్నుల వరుసలో `YQ` లేదా `YR` అని ఒక పెద్ద మొత్తం కనిపిస్తుంది. పన్నుల మధ్య ఉంటుంది కాబట్టి చాలామంది అది ప్రభుత్వానికి పోతుందని అనుకుంటారు. కాదు, అది సంస్థ తనకోసం వేసుకునే సర్‌ఛార్జ్. ఇంధనం పెరిగినప్పుడు సంస్థకు అన్నిటికన్నా తేలిగ్గా మార్చుకోగలిగేది ఇదే. వందల రకాల బేస్ ఫేర్లను ఒక్కొక్కటీ మార్చక్కర్లేదు, ఈ ఒక్క అంకె మారిస్తే ఆ రూటులో అమ్ముడయ్యే టికెట్లన్నిటి మీదా పడుతుంది. పైగా కొన్ని సంస్థలు దీన్ని డాలర్లలో పెడతాయి. అప్పుడు రూపాయి పడిన వెంటనే ఎవరూ ఏమీ పెంచకపోయినా మన ధరలో ఆ భాగం పెరుగుతుంది.

రెండో దారి బేస్ ఫేర్ పెంచడం. మూడోది బయటికి కనిపించదు కానీ మన జేబు మీద ఎక్కువగా పనిచేసేది అదే. ఒకే ఎకానమీ క్యాబిన్‌లో సీట్లను పదీ పన్నెండు ధరల తరగతులుగా విడగొట్టి అమ్ముతారు, టికెటింగ్ వాళ్లం వాటిని బకెట్లు అంటాం. చవక బకెట్‌లో ఎన్ని సీట్లు ఉంచాలో రోజూ మారుతుంది. ఖర్చు పెరిగినప్పుడు ఫేర్ల పట్టిక అలాగే ఉంచి, చవక బకెట్లు కొంచెం ముందే మూసేస్తే సరిపోతుంది. మీకు కనిపించేది "నిన్న 1,28,000, ఇవాళ 1,41,000" అనే. అది ఇంధనం వల్ల వచ్చిందా, నిన్న రాత్రి ఒక కుటుంబం నాలుగు సీట్లు కొనేసుకోవడం వల్ల వచ్చిందా అన్నది బయటినుంచి చెప్పలేం. అయితే పోల్చి చూడటానికి ఒక మార్గం ఉంది. అదే సంస్థలో, అదే రూటులో, మీ తేదీకి ముందూ వెనకా రెండు వారాల తేదీలు చూడండి. అన్ని తేదీల్లోనూ దాదాపు ఒకే మొత్తం పెరిగితే సర్‌ఛార్జో, బేస్ ఫేరో మారిందన్నమాట. మీ తేదీలో మాత్రమే ఎగిరి పక్క రోజు పాత ధరే ఉంటే అది బకెట్ మూసుకుపోవడం, దానికి పీపా ధరతో సంబంధం లేదు.

నాలుగో దారి మెల్లగా వస్తుంది, ఒకసారి వచ్చాక త్వరగా పోదు. ఇంధనం చాలాకాలం ఎక్కువగా ఉంటే సంస్థలు లాభం లేని రూట్లలో విమానాలు తగ్గిస్తాయి. సీట్లు తగ్గితే మిగిలినవాటి ధర దానంతట అదే లేస్తుంది. ధర మారకుండా ఇంధనం మోతాదు పెరిగినా ఇలాగే జరుగుతుంది. 2025 ఏప్రిల్ చివర పాకిస్తాన్ మన సంస్థలకు గగనతలం మూసేశాక ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, కొన్ని దారిలో యూరప్‌లో ఆగి ఇంధనం నింపుకున్నాయి, దానికి విమానాల కొరత కూడా తోడై సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఆపేశారు. చమురు ధర ఎంత ఉన్నా ఆ సీట్లు పోయినట్టే కదా.

ఇంకో మాట, పెరిగిన ఇంధనం అందరికీ ఒకే రోజు తగలదు. లుఫ్తాన్సా లాంటి యూరప్ సంస్థలు తమకు కావలసిన ఇంధనంలో చాలా భాగానికి ధరను నెలల ముందే ఖాయం చేసుకుంటాయి, మన దేశపు సంస్థలు ఆ పని చాలా తక్కువ చేస్తాయి. అలాగే పెరిగినప్పుడు టికెట్‌లోకి వచ్చినంత త్వరగా తగ్గినప్పుడు రాదు. 2014 జూన్‌లో పీపా 115 డాలర్లున్న ముడిచమురు 2016 జనవరికి 30 కిందికి పడింది. టికెట్లు మాత్రం ఆ లెక్కన నాలుగో వంతుకు రాలేదు. జనం ఎక్కుతున్నంత కాలం సంస్థకు ధర తగ్గించాల్సిన తొందర ఏముంటుంది?

ఇక డాలర్. మా చెల్లి టెన్షన్ అంతా దీని గురించే. ఇక్కడ మొదట చూసుకోవలసింది, ప్రయాణం ఎక్కడ మొదలవుతుంది అని. హైదరాబాద్‌లో మొదలై హైదరాబాద్‌లో ముగిసే టికెట్ ధర రూపాయల్లో ఉంటుంది. డాలస్‌లో మొదలయ్యే టికెట్ ధర డాలర్లలో. కొనేవాళ్లు ఎక్కడున్నారు, ఏ కార్డుతో కడుతున్నారు అన్నది తర్వాతి సంగతి. కాబట్టి మా చెల్లి తన కుటుంబంతో సంక్రాంతికి రావాలంటే రూపాయి పతనం ఆమె టికెట్‌ను దాదాపు కదిలించదు. అమ్మానాన్నల టికెట్ సంగతి వేరు.

ఆ టికెట్ 1,30,000 అనుకుందాం. డాలర్ 85 ఉన్నప్పుడు దాన్ని డాలస్ నుంచి కొంటే ఆమెకు 1,529 డాలర్లు పడేది. 90 దగ్గర అదే రూపాయి ధరకి 1,444 డాలర్లు. అంటే రూపాయి పడ్డాక, సంస్థ రూపాయి ధర పెంచేదాకా, డాలర్లలో సంపాదించే కూతురికి అది 85 డాలర్లు చవక! "టికెట్లు పెరుగుతాయి, త్వరగా కొను" అన్న భయం హైదరాబాద్‌లో రూపాయల్లో కట్టే తండ్రికి సరిపోతుంది గానీ ఆమెకు సంస్థ ధర సరిచేసినా పాత స్థితికి రావడమే, కొత్తగా పోయేది లేదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, కొనేటప్పుడు సైటు తనే డాలర్లలోకి మార్చి చూపిస్తే ఆ మార్పిడి రేటు చూసుకోవాలి. వీలైతే రూపాయల్లోనే కట్టి, విదేశీ లావాదేవీ ఫీజు లేని కార్డు వాడుకోవాలి. ఇక్కడినుంచి డాలర్ ధర టికెట్ కొనేవాళ్లకు మన బ్యాంకు కార్డుల మీద మామూలుగా 2 నుంచి 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. రూపాయి ఒక్కరోజులో పడేదానికన్నా ఇది చాలాసార్లు ఎక్కువ.

రూపాయి పడితే సంస్థలకు నష్టం నిజమే. విమానాల అద్దె, ఇంజిన్ల మరమ్మతు, ఇంధనం అన్నీ డాలర్లే. 2025 జులై–సెప్టెంబరు మూడు నెలలకి ఇండిగో చూపించిన సుమారు 2,582 కోట్ల నష్టానికి ప్రధాన కారణం రూపాయి విలువ మారడమే. అయితే అందులో పెద్ద భాగం ముందు ముందు కట్టాల్సిన డాలర్ బాకీలను కొత్త రేటుకి లెక్కగట్టడం వల్ల పుస్తకాల్లో వచ్చిన నష్టం. అలాంటి నష్టం వచ్చిందని మర్నాడు మన టికెట్ మీద వేయలేరు, పక్క సంస్థ వేయకపోతే జనం అటు పోతారు.

ఇప్పుడు ఆ డిసెంబరు రోజు లెక్క. ఏడాది మొదట్లో డాలర్ 86 దగ్గర, అప్పుడు 90. అంటే అయిదు శాతం లోపు. అదంతా రూపాయి ధర మీద వేస్తే 1,30,000 మీద 6,000 పైచిలుకు. అయితే ఆ ఏడాదిలోనే ముడిచమురు జనవరిలో 79 డాలర్ల దగ్గరినుంచి డిసెంబరుకి 60కి కొంచెం పైన ఉండే స్థాయికి దిగింది. జెట్ ఫ్యూయల్ పీపాకి 15 డాలర్లు తగ్గిందనుకుంటే మన ఆరు పీపాల లెక్కలో 7,500 రూపాయలకు పైగా మిగులు. నిజానికి అంత తగ్గలేదు, ముడిచమురు తగ్గినా శుద్ధి చేసిన జెట్ ఫ్యూయల్ మీద రిఫైనరీల మార్జిన్ ఆ చివరి నెలల్లో బాగా ఎక్కువగా ఉంది. సగమే తగ్గిందనుకున్నా డాలర్ దెబ్బలో పెద్ద భాగం అక్కడే పోయింది. వార్తల్లో మాత్రం 90 అంకె ఒక్కటే కనిపించింది. అందుకే ఎప్పుడూ రెండూ కలిపి చూడాలి, చమురు ఎటు పోయింది, రూపాయి ఎటు పోయింది అని. రెండూ ఒకేసారి మనకు ఎదురు తిరిగితేనే నిజమైన పెరుగుదల. 2022లో అలాగే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో జూన్ మధ్యలో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు 1,41,000 దాటింది, కొన్ని వారాలకే డాలర్ 80ని తాకింది.

మరి ముందే కొనాలా? పెరుగుదల ఏ రకందో చూడాలి. తేదీతో సహా ప్రకటించిన సర్‌ఛార్జ్ అయితే అనుమానం లేదు, తేదీలు ఖాయంగా ఉన్నవాళ్లు ఆ తేదీలోపు కొనాలి. జపాన్‌లో దీన్ని ఎంతో శుభ్రంగా చేస్తారు. జపాన్ ఎయిర్‌లైన్స్, ఏఎన్ఏ రెండూ సింగపూర్ కిరోసిన్ సగటు ధరను యెన్‌లోకి మార్చి, పట్టిక ప్రకారం రెండు నెలలకోసారి సర్‌ఛార్జ్ మారుస్తాయి, ముందే చెప్తాయి, ప్రయాణ తేదీతో సంబంధం లేకుండా టికెట్ ఇష్యూ అయిన తేదీని బట్టే వేస్తాయి. అలాంటి చోట నెలాఖరులో కొనాలా, ఒకటో తేదీ దాకా ఆగాలా అన్నది కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మన దగ్గర ఇంత స్పష్టత ఉండదు, ఎక్కువగా ఊహే.

ఇక్కడ "ఇష్యూ అయిన తేదీ" అన్న మాట మీద నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. బుకింగ్ వేరు, టికెట్ వేరు. పీఎన్‌ఆర్ నంబరు వచ్చినంత మాత్రాన ధర ఖాయం కాదు. డబ్బు కట్టి, 13 అంకెల టికెట్ నంబరు పడ్డప్పుడే ఖాయం. మా ఇంట్లోనే ఒకసారి పెద్దమ్మ వాళ్లకి ఒక ఏజెంట్ "హోల్డ్‌లో పెట్టాను, రేటు లాక్ అయింది" అన్నాడు. రెండు రోజుల తర్వాత డబ్బు పంపేసరికి సర్‌ఛార్జ్ మారింది, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు ఎక్కువ కట్టారు. అతను అబద్ధం చెప్పలేదు, సీటు నిజంగానే ఉంది. ధరే లాక్ కాలేదు. ఏజెంట్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "టికెట్ నంబరు పంపిస్తారా?"

ఇంధనం ఊహ మీద కొనేటప్పుడు నేను రెండు అంకెలు పక్కపక్కన పెడతాను. పెరిగే అవకాశం ఉన్న మొత్తం ఒకటి. తేదీ మార్చాల్సి వస్తే పోయే మొత్తం రెండోది. చమురు పీపాకి 10 డాలర్లు, డాలర్ మూడు శాతం పెరుగుతాయని గట్టిగా అనుకుంటే, 5,200 ప్లస్ 3,900, మొత్తం తొమ్మిది వేలు. అది జరగడానికి సగం అవకాశం ఉందనుకుంటే దాని విలువ నాలుగున్నర వేలు. చవక టికెట్‌లో తేదీ మార్చితే ఫీజు, ఆ రోజు ధరకీ మన ధరకీ తేడా కలిసి పాతిక వేలు సులువుగా అవుతుంది. నాలుగింట ఒకసారి మార్చాల్సి వస్తుందనుకున్నా ఆరు వేలకు పైనే. అంటే తేదీలు గట్టిగా లేనివాళ్లు పెరుగుదలకు భయపడి కొంటే సగటున నష్టపోతారు. తేదీలు కదలవు, పెళ్లో, పురుడో ఉంది అంటే మాత్రం ఆగడంలో లాభం లేదు, కొనేయాలి. వీసా చేతికి రాని వాళ్లు ఏ ధరకీ కొనకూడదు. అమెరికా కాన్సులేట్లే వీసా వచ్చేదాకా టికెట్ ఖాయం చేసుకోవద్దని చెప్తాయి.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజులు ముందు, అమెరికాలో విమానసంస్థ సొంత సైటులోనే కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకునే హక్కో, డబ్బు కట్టకుండా ఒకరోజు అదే ధరకి పట్టి ఉంచుకునే హక్కో అక్కడి నియమాల ప్రకారం ఉంటుంది. ఏజెంట్ల సైట్లకు ఈ నియమం వర్తించదు. పెరుగుతుందో లేదో తేల్చుకోలేని రోజున ఆ ఒక్కరోజు గడువు ఇంట్లో అందరితో మాట్లాడుకోవడానికి చాలు.

ఇదంతా విన్నాక మా చెల్లి బాబాయికి పదేళ్ల వీసా ఉందని, పిన్నిది రెన్యూవల్‌కి ఇచ్చారని, పాస్‌పోర్టు ఇంకా రాలేదని చెప్పింది. "అయితే ఆగమ్మా, ఆరు వేల కోసం అరవై వేలు పణం పెట్టొద్దు" అన్నాను. పాస్‌పోర్టు జనవరి చివర్లో వచ్చింది. అప్పుడు చూస్తే ఆమె అనుకున్న శనివారం టికెట్ మనిషికి మూడు వేల దాకా పెరిగింది. అదే వారంలో బుధవారం బయల్దేరితే శనివారం కన్నా పదమూడు వేలు తక్కువ ఉంది. బుధవారానికి తీసుకున్నారు, రూపాయల్లో కట్టింది, టికెట్ నంబర్లు రెండూ ఆ రాత్రే నాకు పంపించింది.